వంటింటి మూల స్తంభం

మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ మా ఇల్లు కాస్త కిందికి దిగేది. ఇల్లు ఎక్కడిదక్కడే ఉంది, కదిలింది లేదు. పెరిగింది రోడ్డు. పాత తారు మీదే కంకర పోసి, దాని మీద కొత్త తారు పోసి, రోడ్డురోలరు నాలుగు చుట్లు తిప్పి వెళ్ళిపోయేవారు. డెబ్భైల మొదట్లో నేను నర్సీపట్నం కాపరానికి వచ్చినప్పుడు మా వీధి అరుగు ఎక్కాలంటే మూడు మెట్లు. నా రెండో పిల్ల అడుగులు వేసేనాటికి మిగిలింది ఒకటి. మిగతావి రోడ్డు మింగేసింది. ఒకసారి ఉండబట్టలేక తారు పోయిస్తున్న మనిషిని అడిగాను, పాతది తవ్వి తీసేసి కొత్తది వెయ్యొచ్చు కదయ్యా అని. "మా పని ఎయ్యడమేనమ్మా, తియ్యడం కాదు" అన్నాడు. అంత తేలిగ్గా తేల్చేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ నేనెవర్ని చెప్పడానికి? ఎలిమెంటరీ స్కూల్లో రెండో తరగతి టీచర్ని. నా మాట రెండో తరగతి పిల్లలే వినేవారు కాదు.

మాది మండువా ఇల్లు. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది, మధ్యలో ఆకాశం. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ మధ్యలో పల్లంలోకి దిగి, అక్కడి నుంచి వసారా కింద తూములోంచి వీధి కాలవలోకి పోవాలి. కప్పు బరువంతా నాలుగు మూలలా ఉన్న నాలుగు టేకు స్తంభాల మీద ఉండేది. గుండ్రటివి, రెండు చేతులూ చుట్టి పట్టుకోవలసినంత లావు. ఒక్కో స్తంభం కింద జానెడు ఎత్తు నల్లరాయి. ఆ రాళ్ళు ఎందుకున్నాయో మేమెవరం ఎప్పుడూ ఆలోచించలేదు. పిల్లలు వాటి మీద కూర్చుని పలకలు తుడుచుకునేవారు.

ఆ నాలుగింటిలోనూ వంటింటి మూలన ఉన్న స్తంభం మా అత్తగారి సొత్తు. ఆవిడకి కిళ్ళీ అలవాటు. భోజనం కాగానే ఆకు మడతపెట్టి, సున్నం రాసి, వేలికి మిగిలిన సున్నాన్ని ఆ స్తంభానికి రాసేసి కానీ లేచేది కాదు. ఆవిడ కాపరానికి వచ్చిన నాటి నుంచీ అదే చోటు, అదే వేలు. పొర మీద పొర గట్టిపడి, భుజం ఎత్తున తెల్లటి బుడిపె ఒకటి లేచింది. "ఇల్లంతా తుడుస్తావు, అది మాత్రం కాకిరెట్టలా ఉంచుతావేటమ్మా" అని మా ఆయన విసుక్కునేవారు. "మీ నాన్న కూడా ఇలాగే అని అని ఎల్లిపోయేడు. ఆ బుడిపె ఉంది. నువ్వూ అను" అనేది ఆవిడ. మా మామగారు నా పెళ్ళికి ముందే పోయారు.

రోడ్డు పెరిగాక నీళ్ళు వెళ్ళడం మానేశాయి. మానెయ్యడం కూడా కాదు, వెనక్కి రావడం మొదలుపెట్టాయి. తుఫాను పట్టిందంటే వీధి కాలవ నిండి, అదే తూములోంచి వీధి మురుగంతా మా మండువాలోకి పొంగేది. నేనూ మా అత్తగారూ చీరలు ఎగదోపుకుని, బొచ్చెలతో ఎత్తి ఎత్తి బకెట్లలో పొయ్యడం. మేము ఒక బకెట్ ఎత్తేసరికి రెండు బకెట్లు వచ్చేవి. మా ఆయన తాలూకా ఆఫీసుకి గొడుగు వేసుకుని వెళ్ళిపోయేవారు. అలాంటి ఒక వానాకాలం చివర మా అత్తగారు బొచ్చె నేలకేసి కొట్టింది. "ఇల్లు ఉంచుతావో పీకించుతావో నీ ఇష్టం రా. ఈ బురద ఎత్తడం ఇక నా వల్ల కాదు" అంది కొడుకుతో.

అప్పుడొచ్చాడు తాపీ మేస్త్రీ. ఇల్లంతా తిరిగి చూసి, మండువా చుట్టూ వసారా నేలని, మధ్య పల్లాన్ని కూడా రోడ్డు కన్నా ఎత్తు చేసేస్తే సరి అన్నాడు. మా ఆయనకి పాత ఇల్లంటే ప్రాణం. ముందే షరతు పెట్టారు, పెంకుల జోలికి పోకూడదు, తలుపుల జోలికి పోకూడదు, స్తంభాలు ముట్టుకోకూడదు. "పైది దేన్నీ ముట్టుకోం బాబుగారూ. నేల ఒక్కటే ఎత్తుతాం" అన్నాడు మేస్త్రీ. మాకు అంతకంటే ఏం కావాలి? విలువైనవన్నీ ఉంచుకుంటున్నాం, మారుతున్నది ఉత్త నేల. నేలని చూసి ఎవరైనా ఏడుస్తారా?

ఇటుక ముక్కలూ ఇసకా పోసి దిమ్మిస కొట్టి, పైన ఎర్ర సిమెంటు వేసి, అద్దంలా రుద్దారు. నిజం చెప్పొద్దూ, ఆ నేలని చూస్తే నాకు కాపరానికి వచ్చాక మొదటిసారి నిండుగా ఊపిరి ఆడింది. నీళ్ళు రావడం ఆగింది. మధ్యాహ్నాలు మా అత్తగారు ఆ చల్లటి నేల మీద కొంగు పరుచుకుని పడుకునేది. స్తంభాల కింద రాళ్ళు మాత్రం కనబడలేదు. అవి నేలలోకి పోయాయి, వాటి పైన కర్ర కూడా నాలుగు వేళ్ళ మేర సిమెంటులోకి దిగింది. స్తంభాలు నేలలోంచి మొలిచినట్టు శుభ్రంగా ఉన్నాయని మా ఆయన మురిసిపోయారు.

తర్వాతి వేసవిలో నక్కపల్లి నుంచి మా అత్తగారి తమ్ముడు వచ్చారు. మా ఆయనకు మేనమామ, నాకు బాబాయి వరస. రోడ్లూ భవనాల శాఖలో ఓవర్సీరుగా చేసి, ఎక్కువ కాలం పాత బంగళాలకీ కచేరీలకీ మరమ్మతులు చేయించి రిటైరైన మనిషి. గుమ్మం దాటి లోపలికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా నిలబడిపోయారు.

"రాళ్ళేవిరా?" అన్నారు మా ఆయనతో.

"కిందున్నాయి మావయ్యా. ఎక్కడికి పోతాయి?"

"కర్ర కాళ్ళు తడవకూడదని రాయి పెట్టేరు మీ తాతలు. నువ్వు రాయిని కప్పెట్టి కర్ర కాళ్ళు తడిలో పెట్టేవు."

అందరం స్తంభాల కేసి చూశాం. అవి బాగానే ఉన్నాయి. పోనీ చుట్టూ కాస్త తవ్వించెయ్యనా అని మా ఆయన అడిగితే, గొయ్యి చేస్తే అందులో నీళ్ళు నిలుస్తాయి, అది ఇంకా చేటు అన్నారు. కప్పుకి కింద నుంచి సరుగుడు బాదులు దన్ను పెట్టి, స్తంభం అడుగు కోసి, కొత్త నేల మీదికి తేలేంత ఎత్తు రాయి ఒకటి కింద పెట్టాలి, అదొక్కటే దారి అన్నారు. నాలుగింటికీ అలాగే. మొన్ననే కదా పని అయింది, వచ్చే ఏడు చూద్దాం అన్నారు మా ఆయన. వచ్చే ఏడు మా పెద్దపిల్లకి కామెర్లు. ఆ పై ఏడు మా ఆయనకి ఎలక్షన్ డ్యూటీలు. స్తంభాలు ఏమీ అనలేదు. అడగని వాళ్ళ పని ఎప్పుడూ వెనక్కే పోతుంది కదా, మా ఇంట్లోనూ అంతే.

ఈలోగా మా అత్తగారి కళ్ళు పోయాయి. నీటికాసులన్నారు విశాఖపట్నంలో డాక్టర్లు. పోయిన చూపు రాదమ్మా, ఉన్నది కాపాడుకోవాలి అన్నారు. ఆ ఉన్నదీ నిలవలేదు. ఎనభైల్లోకి వచ్చేసరికి ఆవిడకి వెలుగూ చీకటీ తేడా తప్ప మరేమీ తెలిసేది కాదు.

నేను భయపడ్డాను. స్కూలుకి వెళ్ళాలి, ఆవిడని ఎవరు చూస్తారు? కానీ ఆవిడ ఇంటిని చేత్తో చదివేసింది. గది గుమ్మం పట్టుకుని చెయ్యి చాపితే మొదటి స్తంభం, దానికి ఉయ్యాల కొక్కెం కోసం దిగ్గొట్టిన మేకు. అక్కడి నుంచి వసారా వెంట నడిస్తే రెండోది, దాని నడుం మీద కర్ర ముడి. ఆ తర్వాత సున్నం బుడిపె. బుడిపె చేతికి తగిలిందంటే కుడి పక్కకి తిరిగితే వంటిల్లు, ఎడమ పక్క నూతి గుమ్మం. తనే వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకునేది, తనే గోంగూర ముందేసుకుని ఆకులు తుంచేది, కూరలో ఉప్పు ఎక్కువైందని వాసన చూసి చెప్పి నన్ను తిట్టేది. చెయ్యి పట్టుకోబోతే విదిలించి పారేసేది. "నా ఇంట్లో నాకు దారి సెప్పేదానివేటే నువ్వు?" వీధిలోకి వెళ్తే మాత్రం నా భుజం మీద చెయ్యి వేసి, అడుగు తీసి అడుగు వెయ్యడానికి వణికేది. ఆ ఇంట్లో మాత్రం ఆవిడ గుడ్డిది కాదు. ఆవిడకి మిగిలిన ఆస్తి ఆ నడక ఒక్కటే. ఇది నాకు తెలుసు, మా ఆయనకీ తెలుసు.

చెదల్ని ముందుగా పట్టుకున్నదీ ఆవిడే. ఒక సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి వంటింటి మూల స్తంభం దగ్గర నిలబడి దాన్ని కింది నుంచి పైకి తడుముతోంది.

"ఒలే, బేగి రా. ఇక్కడేదో మట్టి గీత తగుల్తంది. నిన్న లేదు ఇది."

గోటితో గీకాను. మట్టి రాలి, లోపల తెల్లగా పురుగులు కదిలాయి. "ఏటే, మాటాడవేటి?" అంది ఆవిడ. "చెదలండీ" అన్నాను. ఆవిడ చేతిని బుడిపె మీద ఆనించి, చాలాసేపు తియ్యలేదు.

కబురు పెడితే బాబాయిగారు మర్నాడే బస్సు దిగారు, ఒక వడ్రంగిని కూడా వెంటపెట్టుకుని. స్తంభాల అడుగున సిమెంటు పెచ్చులూడగొట్టించి, స్క్రూ డ్రైవరు తీసుకుని ఒక్కో స్తంభాన్నీ పొడిచి చూశారు. మూడింటికి అడుగున మెత్తగా దిగి, కాస్త పైకి రాగానే ఠక్కున ఆగిపోయింది. నాలుగోది, మా అత్తగారిది. తూముకి దగ్గరున్నది అదే, ఎప్పుడూ తడి ఉండేదీ దానికే. స్క్రూ డ్రైవరు పిడి దాకా దిగిపోయింది. పైకి పైకి సుత్తితో తట్టుకుంటూ పోతే దూలం దాకా బోలు శబ్దమే. లోపలంతా తినేసి, పైన చెక్క మాత్రం వదిలాయి.

ఆయన చేతులు దులుపుకుని అరుగు మీద కూర్చున్నారు. పాత ఇంటి పనిలో ముందు ఏది ఉంచాలి, ఏది బాగుచెయ్యాలి, ఏది మార్చాలి అని విడగొట్టుకోవాలి, విడగొట్టకుండా చెయ్యి వెయ్యకూడదు అన్నారు. "ఈ మూడూ బతికున్నాయి. కుళ్ళినంత మేర కోసి కింద ఎత్తు రాళ్ళు పెట్టించు. నీ మనవల దాకా నిలుస్తాయి. ఆ నాలుగోది పోయింది, దాని మీద మమకారం పెట్టుకోకు. బరువు మోసేదాన్ని జాలితో నిలబెట్టకూడదు. దాని చోట కొత్త టేకుది సాదాగా నిలబెట్టు. కొత్తది కొత్తదానిలాగే కనబడనీ, తప్పులేదు. కానీ పోయినదాన్నే మార్చు. బతికున్నదాన్ని ముట్టుకోకు."

నేనొక ప్రశ్న అడిగాను. ఆ నాలుగోదాని పై చెక్క, బుడిపె ఉన్నంత మేరైనా, కొత్త స్తంభానికి తొడుగులా వెయ్యలేమా బాబాయిగారూ అని. ఆయన నా మొహం కేసి జాలిగా చూశారు. "ఎయ్యొచ్చమ్మా. అందులో ఉన్న చెదలు కూడా కొత్తదానికి ఎక్కుతాయి మరి. అది ఇంట్లో ఉండకూడదు, కాల్చెయ్యాలి."

సరే, ఒకటి పోతుంది, మూడు ఉంటాయి, ఆవిడ ఎలాగో సర్దుకుంటుంది అనుకున్నాను. మా ఆయన మేస్త్రీని పిలిపించి, వసారాలో అటూ ఇటూ తిరిగి, చివరికి అన్నారు, "నాలుగూ తీసేద్దాం. ఇటుకతో కట్టి, లోపల ఇనుము పెట్టి, సిమెంటు పూయిద్దాం."

"నాలుగూ ఒక్కలా ఉంటే ఇంటికి కళొస్తాది బాబుగారూ" అన్నాడు మేస్త్రీ.

బాబాయిగారు లేచి నిలబడ్డారు. "ఒరే, ఒక పన్ను పుచ్చితే నోట్లో ఉన్నవన్నీ పీకించుకుంటావా?"

"పన్ను నెత్తి మీద పడదు మావయ్యా. లోపల ఏముందో మనకి కనబడుతోందా? ఇన్నాళ్ళూ ఆ నాలుగోది కూడా బాగానే ఉందనుకున్నాం. అమ్మ రోజంతా వాటి కిందే తిరుగుతాది."

"పొడిచి చూపించేను కదరా!"

"చూపించేరు. రేపు పడితే?"

బాబాయిగారు మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేసి, అక్కగారి కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయారు. వెళ్తూ నాతో, "ఇల్లు వాడిదమ్మా. నేను సెప్పగలను గానీ కట్టెయ్యలేను కదా" అన్నారు.

నేను వదల్లేదు. నాకున్న నోరంతా వాడాను. "అత్తయ్యగారి చేతులకి అవే కదండీ గుర్తులు. మూడూ ఉంచితే కొంతైనా ఉంటుంది" అన్నాను. మా ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, పోట్లాడేదాన్ని. "గుర్తులదేముందే, మళ్ళీ నేర్చుకుంటాది. ప్రాణం పోతే మళ్ళీ వస్తాదా?" అన్నారు నెమ్మదిగా. ఆయన కళ్ళలో నిజమైన భయం ఉంది. ఆ భయం ముందు నా చదువూ నా నోరూ ఎందుకూ పనికిరాలేదు.

కనీసం ఆవిడని అడగండి అన్నాను. అడిగారు, అడిగినట్టు కాదు, చెప్పినట్టు.

"అమ్మా, స్తంభాలు పాడయ్యేయి. కొత్తవి కట్టిస్తాను."

"నీ ఇష్టం బాబూ. నువ్వు సేసేది నా మంచికే కదా" అంది ఆవిడ. ఆయన వెళ్ళాక నా వైపు తిరిగి, "ఏదే, నాదొక్కటేనా?" అని అడిగింది.

"నాలుగూనండీ."

"నాలుగూనా!" అంది. అంతే. కిళ్ళీ డబ్బా కోసం నేల మీద తడుముకుంది.

పని జరిగినన్నాళ్ళూ దుమ్మూ దన్నుల మధ్య ఆవిడ ఉండలేదని పాయకరావుపేటలో మా ఆడపడుచు ఇంటికి పంపించాం. నేను ఉండిపోయాను. సరుగుడు బాదులు నిలబెట్టి, సందుల్లో చెక్క చీలలు బిగించి కప్పుని మోయించారు. ముందు గట్టిగా ఉన్న మూడు స్తంభాలూ దించి, అమ్మకానికి వీలుగా అడుగున కుళ్ళు కోసేశారు. కోసిన చోట లోపల తేనెరంగు కర్ర మెరిసింది, వసారా అంతా టేకు వాసన. వడ్రంగి అరచేత్తో రాసి చూసి, "బంగారంలాగుందమ్మా" అన్నాడు. నేను పరుగున వెళ్ళి మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. చూశారు. వంగి, ఆ కోతని వేలితో తాకారు. వీధిలో అప్పటికే ఇటుక దిగి ఉంది, పునాది గోతులు తవ్వేసి ఉన్నాయి, నల్లరాళ్ళని కూడా గడ్డపారలతో పెకలించి పెరట్లో పడేశారు. మేస్త్రీ తాడు పట్టుకుని ఏం చెయ్యమంటారన్నట్టు చూస్తున్నాడు. "ఏం చేస్తాం ఇప్పుడు?" అన్నారు మా ఆయన, నన్నో, తననో. ఆ మూడింటినీ టింబరు డిపో వాళ్ళు బండి మీద వేసుకుపోయారు.

నాలుగోదాన్ని దించుతుంటేనే రెండుగా విరిగింది. వడ్రంగిని బతిమాలి, ఆ బుడిపె ఉన్న ముక్క ఒక్కటీ కోసి ఇమ్మన్నాను, చెదలు లేకుండా ఎండబెట్టి దాచుకుంటానని. జాగ్రత్తగానే రంపం పెట్టాడు పాపం. వెనక కర్ర లేక, సున్నం పెచ్చులు పెచ్చులుగా నా చేతుల్లోకి రాలిపోయింది. ఆవిడ కాపరమంతా నా కొంగులో పొడైపోయింది. నేను ఏడ్చాను, మేస్త్రీ ముందే. మిగతా చెక్క పెరట్లో కాల్చేశారు.

మా అత్తగారిని తీసుకొచ్చిన రోజు ఇల్లు అద్దంలా కడిగి ఉంచాను. నాలుగు మూలలా నాలుగు నలుపలకల స్తంభాలు, నున్నటి సిమెంటు, చుట్టూ రంగు. వీధిలో వాళ్ళు వచ్చి చూసి, పాత ఇంటికి కొత్త బలం వచ్చిందన్నారు. మా ఆయన రిక్షా దిగిన తల్లిని గుమ్మం దాకా నడిపించి, ఆవిడ గది దగ్గర వదిలారు. "ఇదిగో అమ్మా, నీ గది. నువ్వే నడు" అన్నారు ఉత్సాహంగా.

ఆవిడ గుమ్మం పట్టుకుని, అలవాటుగా చెయ్యి చాపింది. గుండ్రం ఉండాల్సిన చోట అంచు తగిలింది. మేకు లేదు. పైకి తడిమింది, కిందికి తడిమింది, రెండో పక్కకి వెళ్ళి ఆ అంచుని తడిమింది. ఆ చేతులు వెతుకుతుంటే నేను చూడలేక తల తిప్పుకున్నాను.

"ఎవరిల్లే ఇది?" అంది.

"మనిల్లే అమ్మా. స్తంభాలు కొత్తవి, సెప్పేను కదా" అన్నారు మా ఆయన.

ఆవిడ మర్యాదగా నవ్వింది, పేరంటానికి వెళ్ళిన ఇంట్లో నవ్వినట్టు. గది గుమ్మం వదిలి నా చెయ్యి పట్టుకుంది. ఆ ఇంట్లో ఆవిడ నా చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఆ తర్వాత వదల్లేదు. పరాయి ఇంట్లో ఇష్టమొచ్చినట్టు తిరగకూడదని ఆవిడ పెంపకం. కూర్చోబెట్టిన చోట కూర్చునేది. కుండ పక్కనే ఉన్నా, "కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా" అని అడిగేది. నా కూరలో ఉప్పు ఎక్కువైనా బాగుందనేది. ఆ పొగడ్త వింటే నాకు ఎక్కడైనా దూకి చావాలనిపించేది. పొద్దు వాలేసరికి నెమ్మదిగా నా చెవిలో, "మనింటికి ఎప్పుడెల్దామే? వీళ్ళు మంచోళ్ళే గానీ ఎన్నాళ్ళుంటాం?" అనేది.

మతిమరుపు అన్నాడు డాక్టరు. అయి ఉండొచ్చు, అంతకు ముందు కూడా అప్పుడప్పుడూ పిల్లల పేర్లు తారుమారు చేసేది. కానీ ఇల్లు ఎప్పుడూ మర్చిపోలేదు. ఒక ఆదివారం మా ఆయన ఆవిడని రిక్షా ఎక్కించి, బజారంతా తిప్పి, మళ్ళీ మా గుమ్మం ముందే దించి, "వొచ్చీసేం అమ్మా, మనిల్లు" అన్నారు. ఆవిడ మొహం విప్పారింది. గబగబా లోపలికి వచ్చి, చెయ్యి చాపి, అంచు తగలగానే ఆగిపోయింది. "మళ్ళీ ఈళ్ళింటికే తెచ్చేవేటిరా" అంది దీనంగా. మా ఆయన నూతి గట్టు మీద కూర్చుని, మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. నాకు ఆయన మీద కోపం లేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలిస్తే ఎంత హాయిగా ఉండేదో! రోడ్డు మీదనా?

నేను చెయ్యగలిగింది నాకు ఒక్కటే తోచింది. రోజూ భోజనాలయ్యాక, ఆవిడకి ఆకు మడిచి ఇచ్చి, నా వేలికి సున్నం తీసుకుని వంటింటి మూల సిమెంటు స్తంభానికి రాసేదాన్ని. ఆవిడ భుజం ఎత్తున, పాత చోట. నున్నటి సిమెంటు మీద సున్నం అంటదు, ఎండగానే రాలిపోతుంది. మళ్ళీ రాసేదాన్ని. మేకుతో గీట్లు పెట్టి, గరుకు చేసి, మళ్ళీ రాశాను. మా ఆయన చూసేవారు, కాకిరెట్ట అనలేదు. నెలలు గడిచాక, ఎలాగైతేనేం, చేతికి తెలిసేంత బుడిపె ఒకటి నిలబడింది. రోజూ ఆవిడని అటే నడిపించేదాన్ని. కానీ ఆవిడ రెండో చెయ్యి కొంగులోనే ముడుచుకుని ఉండేది. పరాయి ఇంట్లో గోడలు తడమదు కదా.

ఒక మధ్యాహ్నం చెయ్యి కడుక్కోవడానికి నూతి వైపు తీసుకెళ్తుంటే ఆవిడ అడుగు తడబడి, ఊతం కోసం చెయ్యి చాపింది. సరిగ్గా బుడిపె మీద పడింది. ఆగిపోయింది. వేళ్ళు దాని చుట్టూ తిరిగాయి, గోటితో గీకింది, వేలి కొన నాలిక మీద పెట్టుకుని చూసింది. ఆవిడ మొహంలోకి ఇన్నాళ్ళకి వెలుగు వచ్చింది. ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది, మనిల్లే అంటుంది అని ఎదురుచూశాను.

"ఒలే" అంది నా చెయ్యి నొక్కి, నవ్వుతూ. "ఈళ్ళింట్లోనూ నాలాటి ముసిల్దొకత్తి ఉన్నట్టుందే. ఇన్నాళ్ళూ సెప్పేవు కాదేటి? ఓపాలి పిలు, మాటాడతాను."